గీసిన కార్డుకూ చేరిన సొమ్ముకూ నడుమ

కార్డు గీసిన క్షణంలోనే హోటలుకు డబ్బు చేరదు. మిషన్ లోంచి చీటీ వస్తుంది, భోంచేసినవాళ్ల ఫోన్‌కు డబ్బు కట్ అయిందని మెసేజ్ వస్తుంది, వాళ్లు సోంపు నోట్లో వేసుకుని వెళ్లిపోతారు. యజమాని దగ్గర అప్పటికి ఉన్నది ఒక మాట మాత్రమే. ఇంత సొమ్ము నీ ఖాతాలో వేస్తామని మిషన్ ఇచ్చిన బ్యాంకు ఒప్పుకున్న మాట అది. సొమ్ము మర్నాడు వస్తుంది. మధ్యలో సెలవులు పడితే మూడో నాడో నాలుగో నాడో వస్తుంది. వచ్చేటప్పుడు బిల్లు మొత్తంగా రాదు, ఫీజు కోసుకుని మిగిలింది వస్తుంది. ఏ రోజు బిల్లులకు ఎంత వచ్చిందో విడివిడిగా కూడా చెప్పదు. రెండు మూడు రోజుల అమ్మకాలు కలిసి, పైసలతో సహా ఒకే అంకెగా పాస్‌బుక్‌లో పడతాయి.

చాలా హోటళ్లలో లెక్క తప్పేది ఇక్కడే. నగదు అమ్మకాన్ని గల్లాపెట్టె చూసి రాసుకునే అలవాటు కొద్దీ, కార్డు అమ్మకాన్ని కూడా పాస్‌బుక్ చూసి రాసుకుంటారు. బ్యాంకులో ఎంత పడితే అదే అమ్మకమనీ, పడిన రోజే అమ్మిన రోజనీ అనుకుంటారు. ఈ రెండూ తప్పే. మిర్చి యార్డులో రైతు సరుకు అమ్మాక కమీషన్, ఇతర ఖర్చులు పోగా చేతికొచ్చిన డబ్బును చూసి, పంట ధర అంతే పలికిందని ఏ రైతూ అనడు. పట్టీలో ధర వేరుగా, కోతలు వేరుగా ఉంటాయి. కార్డు అమ్మకానికీ అలాంటి పట్టీ ఒకటి కావాలి, దాన్ని హోటలే రాసుకోవాలి.

ముందు ఈ ఫీజు ఎక్కడికి పోతుందో చూద్దాం. దీన్ని బ్యాంకువాళ్లు ఎండీఆర్ అంటారు. హోటలుకు మిషన్ ఇచ్చిన బ్యాంకే దీన్ని కోస్తుంది కాబట్టి అంతా ఆ బ్యాంకే తింటోందని యజమానులు అనుకుంటారు. నిజానికి ఇందులో పెద్ద వాటా భోంచేసిన మనిషికి కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్తుంది. ఆ మనిషి నెలాఖరు దాటాక ఎప్పుడో కట్టే డబ్బును ఆ బ్యాంకు ఇప్పుడే సర్దుతోంది, అతను ఎగ్గొడితే నష్టం భరించేదీ అదే. రెండు బ్యాంకుల మధ్య లెక్క నడిపే వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి సంస్థలకు చిన్న వాటా, మిగిలింది మిషన్ ఇచ్చిన బ్యాంకుకు. ఈ ఏర్పాటు పుట్టింది కూడా హోటళ్లలోనే. 1950లో న్యూయార్క్‌లో మొదలైన డైనర్స్ క్లబ్ కార్డు మొదట భోజనశాలల కోసమే వచ్చింది. ఆ రోజుల్లో హోటలు దగ్గర బిల్లులో 7 శాతం కోసుకునేవారు.

మన దగ్గర ఇప్పుడు కోత అంత లేదు, కానీ అన్ని కార్డులకూ ఒకేలా ఉండదు. రూపే డెబిట్ కార్డుకూ, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వచ్చే యూపీఐ చెల్లింపుకూ 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ సున్నా. మిగతా డెబిట్ కార్డులకు రిజర్వు బ్యాంకు 2018 జనవరి 1 నుంచి గరిష్ఠ పరిమితి పెట్టింది. ఏటా 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న దుకాణానికి మిషన్ మీద 0.40 శాతం, అంతకు మించినవాళ్లకు 0.90 శాతం దాటకూడదు. క్రెడిట్ కార్డుకు అలాంటి పరిమితి లేదు, ఒప్పందంలో ఎంత రాసుకుంటే అంత. కంపెనీల కార్డులకూ, విదేశీ కార్డులకూ ఇంకా ఎక్కువ రాస్తారు. అందుకే ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు ‘రేటు ఎంత’ అని ఒక్క అంకె అడిగితే సరిపోదు, కార్డు రకాన్ని బట్టి రేట్ల పట్టిక అడిగి తీసుకోవాలి.

దీని మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంది. అయితే హోటళ్లకు బాగా పనికొచ్చే మినహాయింపు ఒకటుంది. ఒక్కో కార్డు చెల్లింపు 2,000 రూపాయలు దాటకపోతే, ఆ చెల్లింపు మీద బ్యాంకు తీసుకున్న ఫీజుకు జీఎస్టీ వేయకూడదు. ఇద్దరు ముగ్గురు కలిసి తిన్న బిల్లులు చాలావరకు ఈ హద్దు లోపలే ఉంటాయి. బ్యాంకు పంపే నెల స్టేట్‌మెంట్‌లో ఫీజు మొత్తం మీద 18 శాతం పడినట్టు కనిపిస్తే అడగాల్సిందే.

ఇప్పుడొక ఉదాహరణతో లెక్క కట్టి చూద్దాం. విజయవాడలో ఓ మాదిరి ఫ్యామిలీ రెస్టారెంట్ ఉందనుకుందాం. బిల్లు మీద 5 శాతం జీఎస్టీ వసూలు చేస్తుంది. వాళ్ల ఒప్పందం ప్రకారం డెబిట్ కార్డుకు 0.90 శాతం, క్రెడిట్ కార్డుకు 1.80 శాతం ఫీజు. సెలవు రోజుల అమ్మకాలను బ్యాంకు తర్వాతి పనిదినాన లెక్కలోకి తీసుకుని, ఆ మర్నాడు జమ చేస్తుంది. మనం చూస్తున్నది రెండో శనివారం, దాని వెనకే ఆదివారం. బ్యాంకుకు రెండూ సెలవులే, హోటలుకు మాత్రం వారంలో అన్నిటికంటే గిరాకీ ఉన్న రోజులు.

శనివారం కౌంటర్లో కార్డు బిల్లులు జీఎస్టీతో కలిపి 42,000. అందులో భోజనం ధర 40,000, పన్ను 2,000. రూపే డెబిట్ మీద వచ్చిన 6,000కు ఫీజు లేదు. మిగతా డెబిట్ కార్డుల 12,000 మీద 108 రూపాయలు, క్రెడిట్ కార్డుల 24,000 మీద 432 రూపాయలు, మొత్తం 540 రూపాయలు ఫీజు. క్రెడిట్ కార్డు బిల్లుల్లో 2,000 దాటినవి 15,000 వరకు ఉన్నాయి. వాటి ఫీజు 270 మీద మాత్రమే 18 శాతం జీఎస్టీ పడింది, అది 48.60. మొత్తం కోత 588.60 పోగా శనివారానికి 41,411.40 రావాలి.

ఆదివారం కార్డు బిల్లులు 52,500. భోజనం 50,000, పన్ను 2,500. రూపే డెబిట్ 7,500, మిగతా డెబిట్ 15,000, క్రెడిట్ 30,000. ఫీజు 135, 540 కలిపి 675. రెండు వేలు దాటిన క్రెడిట్ బిల్లులు 20,000 ఉన్నాయి కాబట్టి ఫీజు మీద జీఎస్టీ 64.80. కోత 739.80 పోగా 51,760.20 రావాలి. రెండు రోజులకూ కలిపి 93,171.60.

మంగళవారం ఉదయం ఖాతాలో పడింది 90,088.51.

మూడు వేల పైచిలుకు తేడా. పాస్‌బుక్ చూసి అమ్మకం రాసుకునే హోటల్లో ఈ తేడా ఎవరికీ కనిపించదు. 90,088 పడింది, అమ్మకం 90,088 అని రాసి పేజీ తిప్పేస్తారు. పోయిన మూడు వేలూ ఎప్పటికీ దొరకవు, ఎందుకంటే అవి రావాలని ఎక్కడా రాసి లేదు.

అలా కాకుండా ఉండాలంటే పుస్తకాల్లో ఒక మధ్య పద్దు తెరవాలి. ట్యాలీలో అయితే ఒక లెడ్జర్, చేతి పుస్తకమైతే ఆవర్జాలో ఒక పేజీ. పేరు ‘కార్డుల మీద రావలసినది’ అని పెట్టుకోవచ్చు. శనివారం రాత్రి కొట్టు కట్టేటప్పుడు ఈ పద్దులో 42,000 బాకీగా రాయాలి. దానికి ఎదురుగా భోజనం అమ్మకం 40,000, ప్రభుత్వానికి కట్టాల్సిన జీఎస్టీ 2,000 జమ రాయాలి. బ్యాంకు పేరు ఇంకా ఎత్తకూడదు, ఫీజు మాటా ఎత్తకూడదు. ఆదివారం రాత్రి ఇంకో 52,500 అదే పద్దులో చేరుతుంది. సోమవారం ఉదయం యజమాని ఆ పేజీ తెరిస్తే, బ్యాంకు దగ్గర తనకు 94,500 రావాల్సి ఉందని తెలుస్తుంది. చికెన్, మటన్, కూరగాయల వాళ్లు సోమవారం పొద్దున్నే డబ్బు అడుగుతారు. వాళ్లకిచ్చే మాట ఈ అంకెను చూసి ఇవ్వాలి తప్ప, వారాంతంలో కిక్కిరిసిన టేబుళ్లను తలుచుకుని కాదు.

మంగళవారం సొమ్ము పడ్డాక, బ్యాంకు పంపిన సెటిల్‌మెంట్ రిపోర్టు తెరిచి చూడాలి. పాస్‌బుక్‌లో ఒక్క అంకే ఉంటుంది, ఈ రిపోర్టులో మాత్రం ఒక్కో చెల్లింపు విడివిడిగా ఉంటుంది. మొత్తం ఎంత, ఫీజు ఎంత, ఫీజు మీద పన్ను ఎంత, చేతికొచ్చేది ఎంత, అన్నీ. మన ఉదాహరణలో ఆ రిపోర్టు ప్రకారం బ్యాంకు లెక్కలోకి తీసుకున్న బిల్లులు 91,350, ఫీజు 1,158.30, దాని మీద జీఎస్టీ 103.19, జమ 90,088.51. చిట్టాలో ఈ మూడు భాగాలూ రాయాలి. బ్యాంకు ఖాతాలోకి 90,088.51 వచ్చింది. బ్యాంకు ఫీజు ఖర్చు 1,158.30. జీఎస్టీ 103.19 కూడా ఖర్చే, ఎందుకంటే 5 శాతం పద్ధతిలో ఉన్న రెస్టారెంటు తాను కట్టిన పన్నును తిరిగి సర్దుకునే వీల్లేదు. ఈ మూడూ కలిపితే 91,350. మధ్య పద్దులోని 94,500 బాకీలో ఇంత తీరిపోయింది.

మిగిలింది సరిగ్గా 3,150. పైసలు లేకుండా, ఒక బిల్లులా కనిపించే అంకె. మధ్య పద్దు చేసే మేలు ఇదే. ఫీజు, పన్ను, సెలవులు అన్నీ తీసేశాక, అసలు తేడా ఏదో అది ఒంటరిగా బయటపడుతుంది. బిల్లింగ్ కంప్యూటర్లో ఆదివారం 3,150 బిల్లు కోసం వెతికితే దొరుకుతుంది. 3,000 భోజనం, 150 పన్ను, చెల్లింపు రకం ‘కార్డు’. మిషన్ లిస్టులో మాత్రం అది లేదు.

ఏం జరిగి ఉంటుందో హోటళ్లలో పనిచేసినవాళ్లు ఊహించగలరు. రాత్రి పదింటికి రద్దీగా ఉన్నప్పుడు కార్డు పెట్టారు, నెట్‌వర్క్ ఆగిపోయింది, చీటీ రాలేదు. ఈలోగా కస్టమర్ ఫోన్‌కు డబ్బు కట్ అయిన మెసేజ్ వచ్చింది, ఆయన దాన్ని చూపించాడు. క్యాషియర్ చూసి ‘కార్డు’ అని నొక్కి బిల్లు మూసేశాడు. ఇద్దరిలో ఎవరూ మోసం చేయలేదు. కానీ చీటీ రాని చెల్లింపు హోటలుకు చేరే చెల్లింపు కాదు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన గడువు ప్రకారం, ఇలా మధ్యలో ఆగిన డబ్బును 5 రోజుల్లోపు కస్టమర్ ఖాతాకు దానంతటదే తిరిగి వేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. అంటే ఆ 3,150 వెనక్కి, తిన్నవాళ్ల దగ్గరికే పోతోంది. హోటల్ ఎంత ఎదురుచూసినా రాదు. మిగిలిన దారి ఒక్కటే. ఆ కుటుంబం ఫోన్ నంబరు టేబుల్ బుకింగులో ఉంటే మర్యాదగా ఫోన్ చేసి, డబ్బు మీ ఖాతాకే తిరిగి వచ్చి ఉంటుంది, ఒకసారి చూసి యూపీఐలో పంపండి అని అడగడం. రెండు రోజుల్లో అడిగితే వాళ్లకూ గుర్తుంటుంది. రెండు నెలల తర్వాత ఆడిటర్ పట్టుకున్నాక అడిగితే ఎవరికి గుర్తుంటుంది?

ఇంకా మేలైన పద్ధతి మంగళవారం దాకా ఆగకుండా ఆ రాత్రే పట్టుకోవడం. కార్డు మిషన్‌లో రోజు ముగించేటప్పుడు ‘సెటిల్‌మెంట్’ నొక్కుతారు. అప్పుడు ఆ రోజు చెల్లింపులన్నీ ఒక కట్టగా బ్యాంకుకు వెళ్తాయి, మొత్తం ఎంతో చూపే చీటీ ఒకటి వస్తుంది. ఆ చీటీ మీది అంకెనూ, బిల్లింగ్ కంప్యూటర్లో ‘కార్డు’ కింద ఉన్న అంకెనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మన హోటల్లో ఆదివారం రాత్రి ఒకచోట 52,500, ఇంకోచోట 49,350 కనిపించేవి. బ్యాంకుకూ ఫీజుకూ ఇక్కడ ఇంకా పాత్ర లేదు కాబట్టి ఈ రెండు అంకెలూ పైసాతో సహా కలవాలి. నా దృష్టిలో కార్డు లెక్కల పనిలో అన్నిటికంటే విలువైనవి రాత్రి ఈ పనికి పెట్టే కొద్ది నిమిషాలే.

రెండూ కలవకపోతే ప్రతిసారీ డబ్బు పోయినట్టు కాదు. చాలా మిషన్లు ఒక నిర్ణీత సమయానికి వాటంతటవే రోజును ముగిస్తాయి. మిషన్ రాత్రి 11 గంటలకు కట్ట కడితే, 11:20కి బిల్లు కట్టిన టేబుల్ మర్నాటి కట్టలోకి వెళ్తుంది. ఈ రోజు తక్కువ, రేపు అంతే ఎక్కువ కనిపిస్తుంది, రెండు రోజులు కలిపితే సరిపోతుంది. ఇది ప్రతి శనివారం జరుగుతుంటే మిషన్ ముగింపు సమయాన్ని మార్పించుకోవాలి. ఇంకోసారి మిషన్ అంకె బిల్లు కంటే ఎక్కువ ఉంటుంది. 1,840 బిల్లుకు కస్టమర్ 2,000 గీయమని, మిగతాది కుర్రాడికి ఇవ్వమంటాడు. ఆ 160 హోటల్ అమ్మకం కాదు, అందులో జీఎస్టీ లేదు, అది వడ్డించినవాడి సొమ్ము. కౌంటర్లోంచి నగదు తీసి ఆ రాత్రే ఇచ్చేస్తే, ఇచ్చిన 160ని కూడా మధ్య పద్దులో రాసుకోవాలి. దాని మీద కోసే రెండు మూడు రూపాయల ఫీజును యజమాని భరించడమే న్యాయం.

పాస్‌బుక్ చూసి అమ్మకం రాయడం వల్ల డబ్బు ఒక్కటే కాదు, పన్ను లెక్కా తప్పుతుంది. మన ఉదాహరణలో 90,088ని పన్నుతో కలిపిన అమ్మకంగా రాస్తే, భోజనం ధర సుమారు 85,800గా తేలుతుంది. అసలు అమ్మింది 90,000. రెండు రోజుల్లోనే 4,200 అమ్మకం మాయమై, దాని మీది 210 రూపాయల జీఎస్టీ కట్టకుండా పోయింది. ఫీజు హోటలుకు ఖర్చే గాని అమ్మకంలో తగ్గింపు కాదు. భోంచేసిన మనిషి బిల్లు పూర్తిగా కట్టాడు, అందులో పన్నూ పూర్తిగా కట్టాడు. అధికారులు బిల్లింగ్ కంప్యూటర్ లెక్కనూ రిటర్నులనూ పక్కన పెట్టి చూస్తే, ఏడాది పొడవునా పేరుకున్న ఈ తేడా అమ్మకాలు దాచినట్టే కనిపిస్తుంది. దాచలేదని, ఇది బ్యాంకు ఫీజు అని నిరూపించుకోవడానికి అప్పుడు పన్నెండు నెలల సెటిల్‌మెంట్ రిపోర్టులు వెతకాలి. దొరకని 3,150 బిల్లు మీది 150 పన్ను కూడా కట్టాల్సిందే, ఎందుకంటే భోజనం వడ్డించారు, బిల్లు ఇచ్చారు.

ఫీజును కస్టమర్ మీద వేద్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. డెబిట్ కార్డు విషయంలో అలా వసూలు చేయనివ్వకూడదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. క్రెడిట్ కార్డుకు కూడా ఒప్పందాలు సాధారణంగా దాన్ని ఒప్పుకోవు. రేట్లు నిర్ణయించేటప్పుడే దీన్ని ఒక ఖర్చుగా లెక్కలో పెట్టుకోవడమే సరైన దారి. దానికి ఎంత ఖర్చో తెలియాలి. మన హోటలుకు ఆ రెండు రోజుల్లో 91,350 మీద పన్నుతో కలిపి 1,261.49 పోయింది, అంటే 1.38 శాతం. ఒప్పందంలో 1.80 అని ఉన్నా, రూపే డెబిట్ కార్డులూ చిన్న బిల్లులూ కలిసి దాన్ని కిందికి లాగాయి. ప్రతి నెలా ఈ ఒక్క శాతం రాసుకుంటూ పోతే, ఓ నెల అది 1.38 నుంచి 1.7కు ఎగబాకినప్పుడు కారణం అడగొచ్చు. కంపెనీల కార్డులు పెరిగి ఉండొచ్చు, బ్యాంకు రేటు మార్చి ఉండొచ్చు, మిషన్ అద్దెను కూడా ఇందులోనే కోస్తూ ఉండొచ్చు.

మధ్య పద్దులో పాత బాకీలు నిలిచిపోకూడదు. మామూలుగా మూడు నాలుగు రోజులకు మించిన అంకె ఏదీ అందులో ఉండకూడదు, వారం దాటి ఉన్న ప్రతి రూపాయికీ ఒక కారణం రాసి ఉండాలి. కొన్నిసార్లు తీరిపోయిందనుకున్నది తిరిగొస్తుంది. కస్టమర్ తన బ్యాంకుకు వెళ్లి ఆ బిల్లు నాది కాదని, లేదా రెండుసార్లు గీశారని ఫిర్యాదు చేస్తే, వారాల తర్వాత కూడా ఆ మొత్తాన్ని హోటలు జమలోంచి బ్యాంకు కోస్తుంది. దీన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. బ్యాంకు పంపే నోటీసుకు ఇచ్చిన గడువులోగా చీటీ, బిల్లు కాపీ పంపితేనే హోటల్ మాట చెల్లుతుంది. చీటీలు వేడి కాగితం మీద అచ్చవుతాయి, కొన్ని నెలల్లోనే అక్షరాలు వెలిసిపోతాయి. వాటిని ఫోటో తీసి తేదీవారీగా దాచుకోవాలి. చీటీ మీద ఆర్‌ఆర్‌ఎన్ అని పన్నెండు అంకెల నంబరు ఉంటుంది. ఒక చెల్లింపు గురించి బ్యాంకు వెతికేది ఆ నంబరుతోనే. అది ఫోటోలో స్పష్టంగా కనిపించాలి.

మార్చి నెలాఖరులో ఈ పద్దుకు ఇంకో పని పడుతుంది. మార్చి 30, 31 తేదీల్లో అమ్మిన భోజనం డబ్బు ఏప్రిల్‌లో ఖాతాలో పడుతుంది. అమ్మకం మాత్రం పాత ఏడాదిదే, దాని జీఎస్టీ మార్చి రిటర్నులోదే. మార్చి 31 రాత్రి మధ్య పద్దులో ఉన్న బాకీని ఆస్తి కింద, బ్యాంకు నుంచి రావలసినదిగా చూపాలి. ఏప్రిల్ మొదటి వారంలో పడిన సొమ్ముతో, ఫీజుతో అది తీరిందో లేదో ఆడిటర్ చూస్తాడు. తీరితే ఆ ఏడాది కార్డు అమ్మకాల గురించి ఆయన అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు.